ఉత్తమ నటుడు: పాలగ్లాసు

పదకొండోసారి పాలగ్లాసు క్లోజప్ పడేసరికి ఒక విషయం తేలిపోయింది. ఈ కథకి నాయకుడు గ్లాసే. టైటిల్స్‌లో ముందు దాని పేరే పడాలి, పారితోషికమూ దానికే ముట్టాలి. తక్కినవాళ్ళంతా దాని చుట్టూ తిరిగే సహాయ నటులు.

సన్నివేశం మీకు తెలిసిందే. మరిది వంటింట్లోకొచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి పొట్లం తీసి వదిన పాలల్లో పొడి కలుపుతాడు. కలిపి ఊరుకుంటాడా? చెంచాతో తిప్పుతాడు. తిప్పుతూ మనవైపు చూసి నవ్వుతాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్ళింతలు చేసుకుని మరీ తాగిస్తుంది. వదిన గ్లాసు ఎత్తుతుంది. క్లోజప్. కాలింగ్ బెల్ మోగుతుంది. దించుతుంది. క్లోజప్. పక్కింటావిడ ఏదో అడిగి పోతుంది. మళ్ళీ ఎత్తుతుంది. లోపల పిల్లాడు ఏడుస్తాడు. దించుతుంది. మళ్ళీ ఎత్తుతుంది. ఫోన్ మోగుతుంది. "నీకో భయంకరమైన నిజం చెప్పాలే, మీ మరిది గురించే" అంటుంది అవతల స్నేహితురాలు. "ఏంటది?" అని అడగడానికి రెండు సెకన్లు చాలు. ఈవిడేమో "రేపు మాట్లాడుకుందాంలే, పాలు చల్లారిపోతున్నాయి" అంటుంది. డమరుకాలు, వయొలిన్లు, ఎక్కడో ఒక నక్క ఊళ. పన్నెండో క్లోజప్.

దీన్ని మన కథారచయితలు సస్పెన్స్ అంటున్నారు. పైగా అడిగితే సస్పెన్స్ సినిమాల పెద్దాయన పేరు చెబుతారు: "హిచ్‌కాకే చెప్పాడు కదండీ, ప్రేక్షకుడికి ముందే చెప్పేయమని." చెప్పాడు, నిజమే. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ బల్ల కింద బాంబు ఉదాహరణ ఇచ్చాడు. ఇద్దరు కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు, ఉన్నట్టుండి బాంబు పేలింది. ప్రేక్షకుడికి మిగిలేది 15 సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు పెట్టడం ముందే చూపించి, ఒంటిగంటకి పేలుతుందని తెలియజేసి, గోడ గడియారంలో పన్నెండూ ముప్పావు చూపిస్తే అదే పిచ్చాపాటీ 15 నిమిషాల ఉత్కంఠ అవుతుంది. లేచి వెళ్ళి వాళ్ళని హెచ్చరించాలనిపిస్తుంది.

మనవాళ్ళు ఇందులో "ముందే చెప్పు" అన్న రెండు ముక్కలు పట్టుకుని లేచిపోయారు. మిగతా వాక్యం వినలేదు. ప్రేక్షకుడికి ఆయన చెప్పినవి మూడు: ఏమిటి (బాంబు), ఎక్కడ (బల్ల కింద), ఎప్పుడు (ఒంటిగంటకి). పాలగ్లాసు కథలో ఆ పొడి ఏమిటో మనకు తెలియదు. విషమా, నిద్రమందా, భేదిమందా? తాగితే పది నిమిషాల్లో పోతుందా, పది రోజులకా? గడువు తెలియని బాంబు బాంబు కాదు, బల్ల కింద ఉన్న ఒక డబ్బా. గడువు చెప్పలేదు కాబట్టే డమరుకాలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికీ వంగి కిందికి చూడాల్సిన అవసరమేమీ లేదు. తెలివైనవాళ్ళు కూడా బల్ల ముందు కూర్చుంటే కబుర్లే చెప్పుకుంటారు. వాళ్ళకి తెలియకపోవడం సహజం. మొత్తం కిటుకు ఇక్కడే ఉంది: ప్రేక్షకుడికి తెలియడం ఒక కాలు, పాత్రకి తెలియకపోవడానికి సరైన కారణం రెండో కాలు. మనవాళ్ళు ఒంటికాలి మీద పరుగు పందెం పెట్టారు.

కారణం ఎలా ఉండాలో చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు, విరాటపర్వం చాలు. కీచకుణ్ణి రాత్రి నర్తనశాలకి రమ్మంటుంది ద్రౌపది, ఎవరికీ తెలియకూడదంటుంది. అక్కడ చీకట్లో పడుకుని ఉన్నది భీముడని మనకు తెలుసు, కీచకుడికి తెలియదు. ఎందుకు తెలియదు? బుద్ధిహీనుడు కాబట్టి కాదు. అతను కోరుకున్నదే అతని కళ్ళకి గంతలు కట్టింది. రహస్యంగా రమ్మనడం అనుమానించాల్సిన మాట. మోహంలో ఉన్నవాడికి మాత్రం అదే అంగీకారంలా వినిపిస్తుంది. సాయంత్రం దాకా ఉన్న కాస్త పొద్దూ అతనికి నెలలా గడిచిందని, ముస్తాబైన అతని శోభ ఆరిపోబోయే దీపం వత్తి వెలుగులా ఉందని వ్యాసుడు అంటాడు. మనకు చావు గడియలు, అతనికి విరహ గడియలు. గడియారం ఒకటే, రెండు రకాలుగా తిరుగుతోంది. చీకట్లో చెయ్యి వేసి తన అందాన్ని తానే పొగుడుకుంటాడు. ఇలాంటి స్పర్శ నువ్వింతకు ముందు ఎన్నడూ ఎరిగి ఉండవు అంటాడు భీముడు. ఒక్క మాట, రెండర్థాలు. నక్క ఊళ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మన వదిన దగ్గరికి వద్దాం. ఆవిడకి ఎందుకు తెలియదు? స్నేహితురాలు చెప్పబోతే వినలేదు కాబట్టి. పాలు నీలంగా ఉన్నా చూడలేదు కాబట్టి. పాలు తాగండి తాగండని మరిది ఆరుసార్లు బతిమాలినా అనుమానించలేదు కాబట్టి. అంటే రచయిత తన చేతకానితనాన్ని ఆమె బుర్రలో కుక్కాడు. తనకి కారణం దొరకలేదని ఆవిణ్ణి మొద్దుని చేశాడు. ఎప్పుడూ ఆడమనిషినే చేస్తాడు, అది కూడా గమనించండి. మొగుడు మోసపోతే "మంచితనం", పెళ్ళాం మోసపోతే "అమాయకత్వం", కోడలు మోసపోతే "దానికేం తెలుసు పాపం". సిగ్గుండాలి. ఇంటి లెక్కలన్నీ వేళ్ళ మీద ఉంచుకున్న మనిషికి, పాలవాడు పావు లీటరు తగ్గిస్తే పట్టేసే మనిషికి, కళ్ళెదుట గ్లాసులో తేలుతున్న పొడి కనిపించదా? కనిపిస్తుంది. కనిపించకూడదని శాసించింది ఆమె కాదు, రాతబల్ల ముందు కూర్చున్న సోమరి.

సన్నివేశం దెబ్బ తిన్నదో లేదో తెలుసుకోవడం తేలికే. ప్రేక్షకుడు మనసులో ఏమని అరుస్తున్నాడో వినండి. "తాగకమ్మా!" అంటే సన్నివేశం పనిచేస్తోంది. "చూసుకోవే మొద్దు మొహమా!" అంటే చచ్చిపోయింది. మొదటి అరుపులో భయం ఉంది, రెండోదాంట్లో విసుగు. విసుగు పుట్టినచోట ఆవిడ పాలు తాగినా ఒకటే, ఒలకబోసినా ఒకటే.

సరే, తిట్టి ఊరుకోవడం మర్యాద కాదు. అదే గ్లాసు, అదే మరిది, అదే వదినతో మరోలా వండి చూద్దాం. మొదటి సన్నివేశంలో మరిది పొడి కలిపేటప్పుడు గట్టు మీద ఒక చుక్క ఒలుకుతుంది. పిల్లి నాకుతుంది. గోడ గడియారం ఎనిమిదిన్నర. ఎనిమిదీ నలభైకి పిల్లి లేవదు. డైలాగు లేదు, నవ్వు లేదు. ఏమిటో, ఎంతసేపటికో ప్రేక్షకుడికి తెలిసింది. పళ్ళెంలో రెండు గ్లాసులు, ఒకటి వదినకి, ఒకటి మామగారికి. అంచున నీలి గీత ఉన్నది వదినది. ఎక్కడో కూడా తెలిసింది. ఇక్కడితో చెప్పడం ఆపెయ్యాలి.

తర్వాత వదినకి పాలతో సంబంధం లేని పని ఒకటి ఇవ్వాలి. ఇంటి వాటా కాగితాల మీద ఆ రాత్రే మామగారి చేత సంతకం పెట్టించుకోవాలి. ఆయన మొండికేశాడు. ఆమె ధ్యాసంతా సంతకం మీదుంటే గ్లాసు వైపు చూడకపోవడం తెలివితక్కువ కాదు, పట్టుదల. విషం సంగతి తీసేసి చదివినా మామా కోడళ్ళ వాదన రసవత్తరంగా ఉండాలి. ఉత్త గ్లాసు కోసమే పుట్టిన సంభాషణైతే చింపెయ్యండి.

ఇక గ్లాసు. అది కదిలిన ప్రతిసారీ ప్రశ్న మారాలి. ఎత్తడం దించడం కదలిక కాదు, కసరత్తు. మొదటి ప్రశ్న: వదిన తాగుతుందా? మామగారి గ్లాసులో మీగడ కట్టింది, ఆయనకి మీగడ గిట్టదు. ఆయన్ని మంచి చేసుకోవాలనుకుంటున్న కోడలు తన గ్లాసు ఆయన ముందుకి జరుపుతుంది. "నావి తీసుకోండి మామయ్యా, మీగడ లేదు." అప్పుడు, ఒక్కసారి, క్లోజప్ వెయ్యండి, దండం పెడతాం. ప్రశ్న మారిపోయింది: ముసలాయన తాగుతాడా? గుమ్మంలో నిలబడ్డ మరిది మొహం చూపించండి. చంపబోయింది వదినని, చావబోతున్నది కన్నతండ్రి. మూడో ప్రశ్న పుట్టింది: ఆపితే దొరికిపోతాడు, ఆపకపోతే తండ్రి పోతాడు, ఏం చేస్తాడు? "నాన్నా, చల్లారిపోయాయి, వేడి చేసి తెస్తాను" అని చెయ్యి చాస్తాడు. వదిన నవ్వి, "చూశారా మామయ్యా, మీ మీద వీడికెంత ప్రేమో" అంటుంది. రెండర్థాల మాట అదొక్కటే చాలు. రెండోది పెడితే రచయిత కనిపిస్తాడు.

ఈ పదినిమిషాల్లో వదిన ఒక్క తప్పు చెయ్యలేదు. ఆమె తెలివీ మంచితనమూ కలిసే ప్రమాదాన్ని పెంచాయి. డమరుకం వాయించేవాడికి ఆ రోజు సెలవు.

ఆఖర్న ఏమవ్వాలన్నది కూడా ఇష్టారాజ్యం కాదు. 1936లో 'సాబోటేజ్' అనే సినిమాలో హిచ్‌కాకే ఒక పిల్లాడి చేతికి, వాడికి తెలియకుండా బాంబు ఇచ్చి బస్సెక్కించాడు. పేలే సమయం ఒంటిగంటా నలభై ఐదు అని మనకు తెలుసు. దారిలో ఊరేగింపులు, ఆలస్యాలు. గుండె గొంతులోకి వచ్చాక, నిజంగానే పేల్చేశాడు. ప్రేక్షకులు మండిపడ్డారు. అది తన తప్పేనని తర్వాత త్రూఫోతో ఒప్పుకున్నాడు. అంతసేపు ఆ పిల్లాడి కోసం బిగబట్టిన ఊపిరిని వదిలే దారి ఇవ్వలేదు మరి. గ్లాసు పగలనివ్వండి, మరిదే తాగనివ్వండి, ముసలాయన వాసన చూసి ఆగిపోనివ్వండి. ఏదో ఒక తలుపు తెరవాలి.

మన వదిన కథలో ఆ తలుపూ లేదు. పాలు చల్లారి మీగడ కట్టాయి. ఫోన్ అవతల స్నేహితురాలు ఇంకా "ఆ నిజం ఏమిటంటే..." దగ్గరే ఉంది. కాలింగ్ బెల్ మోగింది. పదమూడో క్లోజప్.