ఆ గీతలో మా నాన్న ఎక్కడున్నాడో చెప్పండి

నిన్న మా బాబాయ్ వాళ్ల గృహప్రవేశం. వ్రతం అయింది, భోజనాలయ్యాయి, పంతులుగారు అటు బండెక్కారో లేదో ఇటు మేడ మీద రెండో కార్యక్రమం మొదలైంది. సరే, ఎవరిష్టం వాళ్లది. నేను మంచినీళ్లు ఇద్దామని పైకి వెళ్లాను. మా మేనమామ కొడుకు, 23 ఏళ్ల పిల్లాడు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడు, గ్లాసు పట్టుకుని మొహమాటపడుతూ కూర్చున్నాడు. బాబాయ్ వాడికి ఫోన్‌లో ఏదో గ్రాఫ్ చూపిస్తున్నాడు.

"చూడరా, ఇది సైన్సు. అస్సలు తాగనోడి కంటే రోజుకో పెగ్గేసేవాడే ఎక్కువ కాలం బతుకుతాడు. గుండెకి మంచిది." అంతలో నన్ను చూశాడు. "ఏమ్మా, నువ్వు ఊళ్లు తిరిగి ఆరోగ్య సర్వేలు చేసేదానివిగా, నువ్వే చెప్పు వీడికి."

అక్కడ చెప్పలేదు. కొత్తిల్లు, శుభమా అని, పైగా పెద్దాయన. నీళ్ల జగ్గు అక్కడ పెట్టి దిగొచ్చేశాను. రాత్రి రెండింటికి కూడా నిద్ర పట్టలేదు. అందుకని మీ మీద పడ్డాను.

ఆ గ్రాఫ్‌ని జె కర్వ్ అంటారు. ఇంగ్లిష్ జె అక్షరంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎడమ చివర తాగనివాళ్లు, వాళ్ల మరణాలు కాస్త ఎత్తులో ఉంటాయి. పక్కన కొద్దిగా తాగేవాళ్లు, అక్కడ గీత గుంటలోకి దిగుతుంది. ఆ తర్వాత తాగుడు పెరిగేకొద్దీ గీత పైకి పోతూనే ఉంటుంది. బాబాయ్ లాంటివాళ్లకి ఆ గీత మొత్తంలో కనిపించేది ఆ గుంట ఒక్కటే. కుడిపక్క కొండ ఎవరికీ కనపడదు.

ఇప్పుడు ఆ ఎడమ చివర ఎవరున్నారో చెప్తాను. మా నాన్న ఉన్నాడు.

నాన్న ఇరవై ఏళ్లు తాగాడు. ఎంత తాగాడో, అమ్మ ఏం పడిందో ఇక్కడ రాయను, తెలిసినవాళ్లకి తెలుసు. పచ్చకామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి, డాక్టరు "ఇంకో చుక్క ముట్టుకుంటే నా దగ్గరికి రావద్దు" అన్నాక మానేశాడు. మానేసిన ఏడాదిన్నరకి మా ఇంటికి ఆరోగ్య సర్వే అని ఒకమ్మాయి వచ్చింది. గత 12 నెలల్లో మద్యం తీసుకున్నారా అని అడిగింది. నాన్న నిటారుగా కూర్చుని "లేదమ్మా" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఆ అమ్మాయి "లేదు" మీద టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆరు నెలలకి నాన్న పోయాడు.

తర్వాత నేనే ఆ ఉద్యోగంలో చేరాను. అలాంటి ఫారమే నా చేతిలోకి వచ్చింది. మొదటి రోజు ట్రైనింగ్‌లో ఆ ప్రశ్న చూసి నాకు కడుపులో దేవినట్టయింది. మా నాన్న చావు తాగనివాళ్ల ఖాతాలో పడి ఉంటుందని అప్పుడు వెలిగింది. ఇరవై ఏళ్లు సారా, బ్రాందీ కలిసి లివర్‌ని తినేస్తే, లెక్కలో మాత్రం ఒక తాగనివాడు చచ్చిపోయాడు! ఆ ఎడమ చివర గీత ఒక వెంట్రుక వాసి పైకి లేచింది. మా బాబాయ్ ఉన్న గుంట ఇంకాస్త లోతుగా కనిపించింది.

ఇది నా సొంత కవిత్వం కాదు. బ్రిటన్‌లో షేపర్ అనే పరిశోధకుడు 1988లోనే ఈ మాట రాశాడు. జబ్బు చేసి మానేసినవాళ్లని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ముట్టనివాళ్లని ఒకే గాటన కట్టి, వాళ్ల పక్కన ఆరోగ్యంగా ఉన్న తాగుబోతుని నిలబెడితే ఎవరు బాగుంటారు? తాగగలిగేంత ఆరోగ్యం ఉన్నవాడే కదా తాగుతాడు. "గత 12 నెలల్లో" అనే ప్రశ్నకి ముందు "జీవితంలో ఎప్పుడైనా" అని ఇంకో ప్రశ్న ఉండాలి. రెండూ అడిగి మానేసినవాళ్లని విడిగా తీసిపెడితే గుంట చాలావరకు పూడిపోతుంది. మిగిలిందానికి డబ్బు, చదువు, తిండి కారణాలు ఉంటాయి. అమెరికాలో కొద్దిగా తాగేవాళ్లని, తాగనివాళ్లని పోల్చి గుండెజబ్బుకి దారితీసే 30 విషయాలు చూస్తే, 27 తాగనివాళ్లలోనే ఎక్కువ ఉన్నాయని 2005లో తేలింది. అంటే అక్కడ భోజనంతో పాటు ఒక గ్లాసు వైన్ తాగేవాడికి ఇన్సూరెన్స్ ఉంది, మంచి ఉద్యోగం ఉంది, జిమ్ము ఉంది. గుండెని కాపాడింది వైనో, జీతమో!

అన్నట్టు వైన్ అంటే గుర్తొచ్చింది. 1991లో అమెరికా టీవీలో ఒకాయన గ్లాసు ఎత్తి, ఫ్రాన్సువాళ్లు అంత వెన్న తిన్నా గుండెపోట్లు తక్కువ, కారణం రెడ్ వైన్ కావచ్చు అన్నాడు. అంతే, అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు ఎగిరి గంతేశాయి. సరే బాబాయ్, నీ మేడ మీద వైన్ సీసా ఒక్కటి చూపించు. ఉన్నది బ్రాందీ. నంజుకోవడానికి మిరపకాయ బజ్జీ. ద్రాక్షపళ్ల పుణ్యం బ్రాందీకి ఎలా వచ్చిందో?

అసలు బుద్ధిగా తేల్చిన పని చైనాలో జరిగింది. అక్కడ చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యువు ఉంటుంది. రెండు గుక్కలు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టుంటుంది. కాబట్టి తాగరు. అది డాక్టరు చెప్తే మానడం కాదు, డబ్బుండి మానడం కాదు, పుట్టుకతో పడిన చీటీ. 5 లక్షల మందిని ఏళ్ల తరబడి చూసి 2019లో లెక్క బయటపెట్టారు. ఎంత తాగుతారని నోటితో అడిగి గీస్తే అదే గుంట వచ్చింది. జన్యువుని బట్టి గీస్తే, పక్షవాతం విషయంలో గుంట మాయం. గీత కింద నుంచి తిన్నగా పైకి పోయింది. గుండెపోటు విషయంలో లాభమూ కనపడలేదు.

ఇంత చెప్పినా "ఇంకా తేలలేదు కదా" అంటారు, నాకు తెలుసు. నిజమే, వయసు మళ్లినవాళ్లకి చాలా కొద్దిగా తాగితే గుండెకి కాస్త మేలు ఉండొచ్చనే పరిశోధకులు ఇప్పటికీ ఉన్నారు. కానీ వాళ్ల 2022 లెక్కలోనే 40 లోపు వాళ్లకి హద్దు దాదాపు సున్నా. మేడ మీద గ్లాసు పట్టుకున్నవాడికి 23!

పైగా "ఒక్క పెగ్గు" అట. ఎంత బాబాయ్ ఒక్క పెగ్గు? సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, చూడండి. 60 ఎంఎల్ పోస్తే అందులో అసలు ఆల్కహాల్ 20 గ్రాములు. ఆ పరిశోధనల్లో ఒక డ్రింక్ అంటే 10 నుంచి 14 గ్రాములు. మన పెద్ద పెగ్గు ఒక్కటే అక్కడి ఒకటిన్నర, రెండు. క్వార్టరు అయితే 60 గ్రాములు. అది గుంటలో కాదు, కొండ మీద ఉంది. ఫారం నింపేటప్పుడు కూడా ఇదే బాధ. "ఏదో కొద్దిగా" అంటారు. భార్య లోపల్నుంచి ఒక చూపు చూస్తుంది. నేను ఏం రాసుకోవాలి?

ఇక ఇవాళ పొద్దున బాబాయ్ ఇంకో ముక్క తగిలించాడు ఫ్యామిలీ గ్రూపులో. రేట్లు పెంచితే జనం శానిటైజర్ తాగి చస్తారు, అందుకే చవగ్గా ఇవ్వడమే మానవత్వం అట. 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో పది మందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. ఆ ఏడాది మే నెలలో మన రాష్ట్రంలో మద్యం రేట్లు రెండు రోజుల్లో 75 శాతం పెంచిన మాట కూడా నిజమే. కానీ ఆ రోజుల్లో కరోనా వల్ల కురిచేడులో షాపులే మూసేసి ఉన్నాయి. ఆ సంగతి ఎవడూ చెప్పడు. అలాగని ఆ పెంపుని నేను వెనకేసుకురావట్లేదు. పక్క రాష్ట్రంలో పాత రేటు ఉంటే సరిహద్దు దాటి సీసాలు వస్తాయి, పేరు తెలియని బ్రాండ్లు వస్తాయి. ధర ఒక్కటే పెంచి మిగతా గేట్లు తెరిచి పెడితే అంతే. దయచేసి కామెంట్లలో పార్టీలు తీసుకురావద్దు, నాకు ఇద్దరి మీదా కోపం ఉంది.

స్కాట్లాండ్ వాళ్లు చేసింది వేరు. పన్ను పెంచలేదు. 2018 మే నుంచి 10 ఎంఎల్ అసలు ఆల్కహాల్‌కి 50 పెన్నీలకి తక్కువకి ఎవరూ అమ్మకూడదన్నారు. విస్కీ కంపెనీలు కోర్టుకెళ్లి ఐదేళ్లకి పైగా ఆపాయి కూడా. ఖరీదైన సీసా రేటు మారలేదు. దెబ్బ తగిలింది చవగ్గా బాగా ఎక్కే సరుక్కి. అది కొనేది ఎవరు? మా నాన్న లాంటివాళ్లు. మద్యమే నేరుగా కారణమైన చావులు, ఆ నిబంధన లేకపోతే ఉండాల్సినదానికంటే 13 శాతం తగ్గాయని 2023లో లెక్క వచ్చింది. ఏటా 150 మందికి పైగా. అంత చిన్న దేశంలో.

మనం ఏం చేశాం? 2024 అక్టోబర్‌లో 99 రూపాయలకి క్వార్టరు అని పండగ చేసుకున్నాం. షాపు పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా. క్వార్టరులో 77 ఎంఎల్ అసలు ఆల్కహాల్ ఉంటుంది. అంటే స్కాట్లాండ్ వాళ్లు లెక్కేసే ఒక్కో 10 ఎంఎల్‌కి మన దగ్గర 13 రూపాయలు. పౌండ్లని రూపాయల్లోకి మార్చి పోలిస్తే తప్పు, కూలి వేరు. సరే కూలితోనే చూద్దాం. ఆ ఏడాది మన ఉపాధి హామీ కూలి రోజుకి 300. రోజంతా మట్టి తవ్వినవాడి కూలిలో మూడో వంతుకి 60 గ్రాములు. వాళ్లు ఇంతకంటే తక్కువకి అమ్మవద్దని గోడ కట్టారు, మనం ఇంత తక్కువకి దొరుకుతుందని బోర్డు కట్టాం.

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లాలో దూబగుంట పక్కనే. 1992లో అక్కడి ఆడవాళ్ల దగ్గర ఏ గ్రాఫూ లేదు. అక్షరాస్యత క్లాసుల్లో అప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్లు. సారా ఊళ్లోకి రాకపోతే ఇంట్లోకి రాదని తెలుసు, అంతే. సారా ప్యాకెట్ల బండి వస్తే చీపుళ్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. వేలం పాటలు ఆపించారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. ఆ అమ్మమ్మ మనవడే నిన్న మేడ మీద గ్లాసు పట్టుకున్నవాడు.

ఈ లెక్కలన్నీ కుదించి పొద్దున గ్రూపులో పెట్టాను. బాబాయ్ చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, దండం బొమ్మ పెట్టి తర్వాత ఎవరిదో పుట్టినరోజు కేకు ఫార్వర్డ్ చేశాడు. మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "అమ్మాయ్, స్టీలు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోస్తే ఎంతవుతుంది?" అంది. తెలీదు పిన్నీ, అంత ఎత్తు నీళ్లు పోసి దగ్గుమందు మూతతో కొలవమన్నాను. మూత 15 ఎంఎల్.

ఇందాకే మెసేజ్ పెట్టింది. ఆరు మూతలు వచ్చాయట.