మెల్లగా పాడితే రాని స్వరం: మాస్టారికీ థెరపిస్టుకీ వాదన

"నేను క్వైర్లో సోప్రానో పాడతానండి. ఇంకో పది రోజుల్లో క్రిస్మస్ ఈవ్, సోలో కూడా ఉంది. నాలుగు రోజులుగా పొద్దున్నే గొంతు బరువుగా ఉంటోంది. వార్మప్ చేస్తే విచ్చుకుంటోంది. పై స్వరాలు గట్టిగా పాడితే వస్తున్నాయి, మెల్లగా పాడితే రావట్లేదు. పాడుతూ ఉండొచ్చా, ఆపెయ్యాలా?"

డిసెంబరు 14న రిహార్సల్ అయ్యాక మా చర్చి వరండాలో ఈ ప్రశ్న వచ్చింది. మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరు. కాలవ అవతల నూర్పిళ్లు జరుగుతున్నాయి, గడ్డి దుమ్ము వరండా దాకా వస్తోంది. మాట్లాడింది ముఖ్యంగా ఇద్దరు. ఒకరు మాకు నలభై ఏళ్లుగా పాట నేర్పుతున్న మాస్టారు. ఇంకొకరు ఒకప్పుడు ఆయన దగ్గరే పాడి, ఇప్పుడు కాకినాడలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నావిడ. పండక్కి ఊరొచ్చింది. నేను వెనక వరసలో టెనార్‌ని కాబట్టి వినడమే నా పని.

మాస్టారు: ఆపడమేంటమ్మా? గట్టిగా పాడితే వస్తోందన్నావుగా. వచ్చిందంటే గొంతు ఉన్నట్టే. ఈ చలికి తెల్లారేసరికి ఎవరి గొంతైనా బరువుగానే ఉంటుంది. పొద్దున్నే ఓ అరగంట మంద్రంలో సాధన చెయ్యి. రెండు మిరియాలూ, పటికబెల్లం ముక్కా బుగ్గన పెట్టుకో.

థెరపిస్టు: మాస్టారూ, నాకు భయం వేసింది ఆ ఒక్క మాటకే. గట్టిగా వస్తోంది, మెల్లగా రావట్లేదు. స్వరతంతువుల అంచు వాస్తే మొట్టమొదట పోయేది మెల్లని పై స్వరమే. అంచు పల్చగా ఉంటే కొంచెం ఊపిరికే కదులుతుంది. వాచి దళసరెక్కితే కదలడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. గట్టిగా పాడినప్పుడు ఆ ఒత్తిడి దొరుకుతుంది కాబట్టి స్వరం వచ్చేస్తుంది. మనమేమో బాగుందనుకుంటాం.

మాస్టారు: మెల్లగా పాడటం ఎప్పుడైనా కష్టమే. ఊపిరి మీద పట్టు లేనివాళ్లకి శ్రుతి జారుతుంది. అది శిక్షణలో లోపం, గొంతులో కాదు.

థెరపిస్టు: కొత్తవాళ్ల విషయంలో మీరన్నది నిజం. కానీ పోయిన నెల దాకా ఈ అమ్మాయికి మెల్లగా కూడా వచ్చేదిగా? పోల్చాల్సింది తన పాత గొంతుతోనే. ఇప్పుడే చూద్దాం. అమ్మా, బాగా తెలిసిన పల్లవి ఒకటి తీసుకో. పక్కన పసిబిడ్డ నిద్రపోతోందనుకుని పాడు. ఒక్కో మెట్టూ పైకి జరుపుకుంటూ వెళ్లు. గట్టిగా మాత్రం తియ్యకు.

కీబోర్డు కుర్రాడు ఒక్కో కీ నొక్కాడు. సి దాకా ఇబ్బంది లేదు. డి దగ్గర మాట మొదలవడానికి ముందు చిన్న ఖాళీ వచ్చింది, ఉత్త గాలి, తర్వాత స్వరం. 'ఈ' కీ దగ్గర గాలే మిగిలింది. ఆ అమ్మాయి ఖళ్లున సకిలించి మళ్లీ మొదలుపెట్టబోతే థెరపిస్టు చెయ్యి అడ్డుపెట్టింది.

థెరపిస్టు: సకిలించకు. తంతువుల్ని ఒకదానికొకటి వేసి రుద్దడమే అది. గుటక వెయ్యి, చాలు. పోయిన నెల మెల్లగా ఎక్కడి దాకా వచ్చేది?

"పై జి దాకానండి" అంది.

మాస్టారు: సరే, మూడు నాలుగు మెట్లు తగ్గింది. అందుకే కదా సాధన చెయ్యమంటున్నాను. వార్మప్ చేస్తే విచ్చుకుంటోందని తనే అంటోంది.

థెరపిస్టు: వార్మప్‌తో వాపు పోదు మాస్టారూ. కండరాలు సర్దుకుని, ఉన్న వాపుతోనే పాడే దారి వెతుక్కుంటాయి. మామూలుగా పది నిమిషాల్లో సిద్ధమయ్యే గొంతుకి ఇప్పుడెంత పడుతోందమ్మా?

"అరగంట పైనేనండి."

థెరపిస్టు: చూశారా. వార్మప్ పొడుగైపోవడం కూడా ఒక గుర్తే. ఇంకో లెక్క చెప్తాను. మధ్య సి పైన ఉండే ఎ స్వరం పట్టుకుంటే తంతువులు సెకనుకి 440 సార్లు కలుసుకుంటాయి. నిమిషం పట్టుకుంటే 26,400 సార్లు. వాచిన అంచుల్ని గట్టిగా అన్నిసార్లు కొట్టిస్తే సాయంత్రానికి వాపు పెరుగుతుందా, తగ్గుతుందా?

ఇక్కడ మా బేస్ గొంతు ఆటో బాబాయ్ కలగజేసుకున్నాడు. రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్ రౌండ్లకి ఆటో ఆయనదే.

బాబాయ్: ఆయ్, నాకూ ఇదేనండి. రాత్రి తొమ్మిదింటికి ఇంత చేపల పులుసన్నం తిని పడుకుంటే తెల్లారి గొంతులో మంట. మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చాడు, మూడు రోజులు వేశాను. పాపని కూడా అదే వేసుకోమనండి.

థెరపిస్టు: బాబాయ్, మీది పొట్టలో పులుపు పైకి తన్నడంలా ఉంది. పడుకోడానికి రెండు మూడు గంటల ముందే తినేసి చూడండి. తనకి జ్వరం లేదు, మింగితే నొప్పి లేదు. పాడి పాడి వచ్చిన వాపుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు.

మాస్టారు: మందులొద్దు, మిరియాలొద్దు. మరి నీళ్లు తాగమంటావా? నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా. సోలోకి ముందు గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు తాగితే గొంతు తడుస్తుంది.

థెరపిస్టు: నోరు తడుస్తుంది, గొంతు తడిసినట్టు హాయిగా ఉంటుంది, తాగడంలో తప్పులేదు. కానీ ఆ నీళ్లు తంతువుల మీద పడవు. పడితే పొలమారి దగ్గొస్తుంది. నీళ్లు అన్నవాహికలోకి పోతాయి. అవి ఒంటికి పట్టి, ఆ తడి తంతువుల దాకా చేరడానికి గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి పాటంటే పొద్దున్నుంచే తాగుతూ ఉండాలి. లీటర్లు కొలవక్కర్లేదు, మూత్రం లేత రంగులో ఉంటే సరిపోయినట్టే. బోండం నీళ్లైనా ఫరవాలేదు. నేరుగా తగిలేది ఆవిరి ఒక్కటే. వేడి నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఐదు నిమిషాలు, మొహం కాలకుండా కాస్త దూరంగా. బామ్ వెయ్యొద్దు, ఆ ఘాటు కొందరి గొంతుని మండిస్తుంది. మీ మిరియాలూ పటికబెల్లం లాలాజలం ఊరిస్తాయి, అంతవరకు మంచిదే. కరక్కాయ మాత్రం వగరు, నోరు ఆరిపోతుంది.

మాస్టారు: కరక్కాయ జోలికి రాకు. మా గురువుగారు చివరిదాకా బుగ్గన పెట్టుకునే పాడారు.

(ఆ ముక్క మీద ఇద్దరూ ఇంకో ఐదు నిమిషాలు వాదించుకున్నారు. ఎవరూ తగ్గలేదు. అదంతా ఇక్కడ రాయను.)

మాస్టారు: పోనీ, పది రోజులు మూగనోము పట్టమంటావా? గొంతు తుప్పు పట్టిపోతుంది. ఈవ్ రోజున నోరు తెరిస్తే మొదటికే మోసం.

థెరపిస్టు: ఆ మాట ఒప్పుకుంటాను. పది రోజులు పూర్తిగా మూసేస్తే కండరాల పట్టు సడలుతుంది. రెండు రోజులు పాట మానాలి, మాట తగ్గించాలి. గుసగుసలాడొద్దు, చాలామంది గుసగుసలో గొంతుని ఇంకా బిగపడతారు. మెల్లగా మామూలుగా మాట్లాడితే చాలు. మూడో రోజు నుంచి ఇదిగో, ఇది.

అని బాబాయ్ తాగి పక్కన పెట్టిన బోండంలోంచి స్ట్రా తియ్యబోయి, ఆగి, బడ్డీ నుంచి కొత్తది తెప్పించింది. సగం నీళ్లున్న బాటిల్లో స్ట్రా కొసని రెండు వేళ్ల లోతున ముంచి, పెదాలు బిగించి 'ఊ' అంది. నీళ్లు బుడబుడలాడాయి. స్వరాన్ని కింద నుంచి పైకీ, పై నుంచి కిందకీ జార్చింది. ఎక్కడా బుడగలు తెగలేదు.

థెరపిస్టు: స్ట్రా అడ్డం వల్ల నోట్లో కాస్త ఒత్తిడి నిలిచి తంతువులు గట్టిగా కొట్టుకోవు. టిట్జే అనే అమెరికన్ స్వర శాస్త్రవేత్త ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. పూటకి మూడు నాలుగు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. బుడగలు ఆగిపోయాయంటే నువ్వు బిగబట్టావని లెక్క. ఆ తర్వాత మూసిన పెదాలతో 'మ్' మీద ఐదు స్వరాలు, మధ్య స్థాయిలోనే. మొత్తం పది పదిహేను నిమిషాలు దాటకూడదు.

మాస్టారు: మా మంద్ర సాధన కూడా ఇదే కదా, బాటిల్ లేదంతే.

థెరపిస్టు: చాలావరకు ఇదే మాస్టారూ. కాకపోతే మంద్రంలో గొంతుని కిందికి నొక్కి గరగరలాడిస్తే మళ్లీ ఒత్తిడే. మీరు అరగంట చేయిస్తారు, అక్కడే నాకు పేచీ. ఇంకోటి, రేపట్నుంచి కేరల్ రౌండ్లకి తను రాకూడదు.

బాబాయ్: అదేంటండి! ఐదు రాత్రులూ పాప లేకపోతే ఎవరు ఎత్తుకుంటారు?

థెరపిస్టు: రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, మంచులో, గడ్డి పొగలో, మీ ఆటో బాక్సుల మోతని మించి అరవాలి. తనకి తన గొంతే వినపడదు. వినపడకపోతే ఎవరైనా తెలియకుండానే గొంతు పెంచేస్తారు. ఈ నాలుగు రోజుల తేడా ఎక్కడ మొదలైందమ్మా?

అమ్మాయి కీబోర్డు వైపు చూసింది. పదో తారీఖున స్కేలు రెండు కీలు పెంచారు, పాట మెరుస్తుందని. సోప్రానోలని తెచ్చి డ్రమ్స్ పక్కన నిలబెట్టింది కూడా ఆరోజే.

మాస్టారు: నిలబడే చోటు మారుస్తాను, అది నా పొరపాటే. స్కేలు మాత్రం దించను. దించితే ఆల్టోలకి పాట పాతాళంలో ఉంటుంది, వాళ్ల గొంతులు పోతాయి. ఒక్కదాని కోసం పదిమందిని ఇబ్బంది పెట్టమంటావా?

థెరపిస్టు దీనికి గట్టి జవాబు చెప్పలేకపోయింది. ఒక కీ దించి చూడమంది. మాస్టారు విననట్టు ఊరుకున్నారు. నాకైతే ఆయన బాధ కూడా న్యాయమే అనిపించింది. ఆల్టోల్లో మా అక్క ఉంది.

థెరపిస్టు: అమ్మా, రోజూ పొద్దున్న వార్మప్‌కి ముందు ఆ మెల్లని పల్లవి ఒక్కసారి పాడి, ఏ కీ దగ్గర గాలైపోయిందో రాసుకో. పదిసార్లు పాడకు, అదే ఇంకో శ్రమ అవుతుంది. కీ పైకి జరుగుతుంటే దారిలో ఉన్నట్టు. అక్కడే ఉన్నా, దిగినా సోలో వద్దు. పాడుతుండగా గొంతు ఒక్కసారిగా తెగినట్టు పోతే ఆ క్షణమే ఆపెయ్. తంతువులో రక్తం చిమ్మి ఉండొచ్చు, మాట కూడా మానేసి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. అలా కాకపోయినా బొంగురు రెండు మూడు వారాలు వదలకపోతే గొంతులోకి కెమెరా పెట్టి చూపించుకోవాలి. బయట నుంచి వింటే వాపో, కాయో నాకే తెలియదు.

మాస్టారు: నొప్పి లేదు కదమ్మా తనకి?

థెరపిస్టు: తంతువు వాచినా చాలాసార్లు నొప్పి తెలియదు మాస్టారూ. నొప్పి కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. గొంతు మొద్దుబారే బిళ్లలు చప్పరిస్తూ పాడితే అదీ తెలియదు.

అమ్మాయి రౌండ్లకి వెళ్లలేదు. గాలైపోయిన కీ 15న 'ఈ', 17న కూడా 'ఈ'. నాకు ఆశ పోయింది. 19న ఎఫ్, కానీ ముందు ఆ చిన్న ఖాళీతోనే. ఆరోజు సాయంత్రం మాస్టారు ప్రోగ్రాం కాగితం తీశారు. సోలో ఎదురుగా ఉన్న పేరు కొట్టెయ్యలేదు. పక్కన పెన్సిల్‌తో ఇంకో అమ్మాయి పేరు రాసి, కీబోర్డు కుర్రాణ్ని పిలిచి, "ఒక కీ దించి వాయించు, ఊరికే విందాం" అన్నారు.