ఎక్సెల్‌లో "gal" అంటే అమెరికా గ్యాలన్. యూకేలో మైలేజీ లెక్కేసేవాళ్లు చూసుకోండి

యూకేలో దూరం మైళ్లలో ఉంటుంది, బంకులో పెట్రోలు లీటర్లలో పోస్తారు, కారు మైలేజీ మాత్రం గ్యాలన్‌కి ఇన్ని మైళ్లని చెప్తారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగే అలవాటున్న మనవాళ్లు అక్కడికెళ్లాక ఎక్సెల్‌లో షీటు పెట్టుకుని, ఒక యూనిట్‌ని ఇంకో యూనిట్‌లోకి మార్చే CONVERT ఫంక్షన్ వాడతారు. నా కోపమంతా అక్కడే.

310 మైళ్లు తిరిగాక ట్యాంకు నింపితే 38 లీటర్లు పట్టిందనుకోండి. చాలామంది రాసేది ఇది:

```
=310/CONVERT(38,"l","gal")
```

30.9 వస్తుంది. కంపెనీ చెప్పిన అంకె 40 దగ్గర ఉంటే, బండి పాడైందేమోనని మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతారు. బండి బాగానే ఉంది. "gal" అంటే అమెరికా గ్యాలన్, 3.785 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, దానికి వేరే పేరు పెట్టారు:

```
=310/CONVERT(38,"l","uk_gal")
```

ఇప్పుడు 37.1. అదే కారు, అదే పెట్రోలు, ఆరు మైళ్ల పైన తేడా.

నాకు మండేది ఏంటంటే, "km" బదులు "Km" అని కొడితే చాలు, వెంటనే #N/A అని మొహం మీద కొడుతుంది. పెద్దక్షరం, చిన్నక్షరం దగ్గర అంత పట్టుదల! అది మంచిదే, తప్పు కంటికి కనిపిస్తుంది. గ్యాలన్ దగ్గర మాత్రం ఏ హెచ్చరికా లేదు. 30.9 కూడా నమ్మబుద్ధయ్యే అంకే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి చోట "gal" అనే పొట్టి పేరే ఉండకూడదు, "us_gal" అని ఉండాల్సింది. ఎవరో పంపిన షీటు మీద అనుమానముంటే ముందు ఫార్ములాలో ఏ గ్యాలన్ ఉందో చూడండి. లేదా వచ్చిన అంకెని 1.2తో గుణించండి. బండి మామూలుగా ఇచ్చే మైలేజీకి అది దగ్గరగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇంకో లోటు. వేగానికి "mph" ఉంది గానీ మైలేజీకి యూనిటే లేదు. "mpg" అని రాస్తే #N/A. దూరాన్నీ, పెట్రోలునీ విడివిడిగా మార్చి మనమే భాగించుకోవాలి. 37.1ని మన లెక్కలోకి తేవాలంటే:

```
=CONVERT(37.1,"mi","km")/CONVERT(1,"uk_gal","l")
```

లీటరుకి 13.1 కిలోమీటర్లు. యూరప్ పద్ధతిలో 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లో కావాలంటే 100ని ఈ 13.1తో భాగించాలి, 7.6 వస్తుంది. ఇక్కడ మైలేజీ పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, కాబట్టి ఒకే గుణకంతో మార్చడం కుదరదు.

కనీసం మీ షీటులో కాలమ్ పేరు "గ్యాలన్" అని వదిలేయకుండా, "యూకే గ్యాలన్" అనో "అమెరికా గ్యాలన్" అనో రాయండి. అమెరికాలో ఉన్న అన్నయ్యకి ఆ షీటు పంపినప్పుడు ఆయన తన కారుతో పోల్చేది ఆ కాలమ్ చూసే.