ద్రాక్ష తొక్క, దీర్ఘాయువు, మళ్లీ అదే ఫార్వర్డ్

"రెడ్ వైన్‌లో, ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరాట్రాల్ మన ఒంట్లోని దీర్ఘాయువు జన్యువు సర్టుయిన్‌ను ఆన్ చేస్తుందని సైంటిస్టులు నిరూపించారు. ఈస్ట్, ఎలుకల ఆయుష్షు పెరిగింది. తీసుకున్న దాంట్లో 70 శాతం శరీరం పీల్చుకుంటుంది. ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మంచిది, మిరియాలతో కలిపితే ఇంకా మంచిది. సహజం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ లేవు. మీ వాళ్లందరికీ పంపండి."

పంపారు. అందరూ పంపారు. చదువుకున్న వాళ్లు, రోజూ మందుల చీటీలు చూసేవాళ్లు కూడా పంపారు. "ఇందులో తప్పేముంది, నేచర్ పత్రికలో వచ్చిందట కదా" అని ఒక మిత్రుడు అడిగాడు కాబట్టి ఈ సమాధానం. నేచర్‌లో వచ్చిన మాట నిజమే. అక్కడ ఏం వచ్చిందో చూద్దాం.

2003లో హోవిట్జ్, సింక్లెయిర్ తదితరుల బృందం సర్టుయిన్లలో ఒకటైన సర్ట్1 అనే ఎంజైమ్ మీద రెస్వెరాట్రాల్‌ను పరీక్షించింది. ప్రొటీన్ల మీద అతుక్కున్న అసిటైల్ అనే చిన్న రసాయన భాగాన్ని ఊడదీయడం ఈ ఎంజైమ్ పని. ఆ పని ఎంత వేగంగా జరుగుతోందో కంటికి కనపడదు. అందుకని ఒక పొట్టి ప్రొటీన్ ముక్కకి, అంటే పెప్టైడ్‌కి, చివర మెరిసే రంగు అణువును తగిలించారు. అసిటైల్ ఊడిన ముక్కల నుంచి మాత్రమే రంగు విడిపోయి మెరుస్తుంది. రెస్వెరాట్రాల్ కలిపితే మెరుపు బాగా పెరిగింది. "సర్టుయిన్ ఆన్" అన్న మాటకి పునాది ఇదే.

2005లో రెండు వేర్వేరు బృందాలు ఆ రంగు అణువును తీసేసి అదే పరీక్ష మళ్లీ చేశాయి. పెప్టైడ్ అదే, ఎంజైమ్ అదే. రెస్వెరాట్రాల్ కలిపినా వేగం పెరగలేదు. పెరుగుదలకి ఆ రంగు అణువే కావాలని తేలింది. మన కణాల్లోని ప్రొటీన్లకి ఎవరూ రంగు తగిలించరు కదా.

అలాగని ఇదంతా ఉత్త భ్రమ అని కొట్టిపారేస్తే అదీ సగం నిజమే అవుతుంది. 2013లో సింక్లెయిర్ బృందమే మరో పని చేసింది. అసలు ప్రొటీన్లలో సరైన చోట రంగు అణువు లాంటి పెద్ద వలయం ఉన్న అమైనో ఆమ్లం సహజంగానే ఉంటే, రంగు లేకుండానే ఎంజైమ్ వేగం పెరుగుతుందని చూపించింది. సర్ట్1లో 230వ స్థానంలో ఉన్న గ్లుటమేట్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చేస్తే ఆ పెరుగుదల పోయింది. కాబట్టి కొన్ని ప్రొటీన్ల విషయంలో ఇది జరిగే పనే. ఆ మేరకు ఒప్పుకుంటాను. కానీ ఇదంతా పరీక్ష నాళికలో, పదుల మైక్రోమోలార్ల గాఢత దగ్గర. ఆ గాఢతని గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

ఈస్ట్, ఎలుకల సంగతి రెండు ముక్కల్లో. ఈస్ట్ ఆయుష్షు పెరగడం వేరే ల్యాబ్‌లో వేరే రకాల ఈస్ట్ మీద కనపడలేదు. ఎలుకల విషయానికొస్తే, 2006లో లాభపడ్డవి విపరీతమైన కొవ్వు మేత మేసి ఒళ్లు పెంచుకున్నవి. మామూలు మేత తిన్న ఎలుకలకి రెస్వెరాట్రాల్ ఇస్తే ఆయుష్షు పెరగలేదని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. ఆ భాగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక 70 శాతం. ఈ ఫార్వర్డ్‌లో అందరినీ నమ్మించే అంకె ఇదే. తమాషా ఏమిటంటే అంకె సరైనదే, చెప్పిన అర్థమే తప్పు.

2004లో థామస్ వాల్ బృందం ఆరుగురు ఆరోగ్యవంతులకి 25 మిల్లీగ్రాముల రెస్వెరాట్రాల్ నోటి ద్వారా ఇచ్చింది. దాని కార్బన్‌లో కొంత రేడియోధార్మిక కార్బన్-14 ఉంది. తర్వాత రక్తంలో, మూత్రంలో ఆ రేడియోధార్మికతను కొలిచారు. ఇచ్చినదాంట్లో కనీసం 70 శాతం పేగు దాటి లోపలికి వెళ్లింది. రక్తంలో అత్యధికంగా మిల్లీలీటరుకి 490 నానోగ్రాముల దాకా, అంటే దాదాపు 2 మైక్రోమోలార్ కనిపించింది. ఇక్కడితో ఆపితే ఫార్వర్డ్ గెలిచినట్టే.

అయితే రేడియోధార్మికత కార్బన్‌ని లెక్కపెడుతుంది, ఆ కార్బన్ ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెప్పదు. రక్తంలోని పదార్థాలను విడదీసి చూసినప్పుడు అసలు రెస్వెరాట్రాల్ మిల్లీలీటరుకి 5 నానోగ్రాముల లోపే ఉంది. మిగతాదంతా వేరే రూపాల్లో. గేటు దాటిన వాళ్లను లెక్కపెట్టారు సరే, వాళ్లందరి చేతులూ గేటు దగ్గరే కట్టేశారని ఎవరు చెప్పాలి?

చేతులు కట్టేసేది పేగు గోడలోని కణాలు, ఆపైన కాలేయం. రెస్వెరాట్రాల్ అణువుకి మూడు హైడ్రాక్సిల్ గుంపులున్నాయి. ఎంజైమ్‌ల దగ్గర దాని ప్రతాపానికి అవి ఎంత అవసరమో, శరీరానికి దాన్ని పట్టుకోవడానికి అంతే అనువైన పిడులు. సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్‌లు ఒక పిడికి సల్ఫేట్ తగిలిస్తాయి. గ్లూకురోనోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌లు ఇంకో పిడికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలిస్తాయి. అణువు నీటిలో బాగా కరిగేదిగా మారుతుంది, కణాల పొరలు తేలిగ్గా దాటలేదు, మూత్రపిండాలు దాన్ని సులువుగా బయటికి తోసేస్తాయి. కొంత భాగం పేగు కణం నుంచి రక్తంలోకి కాకుండా తిరిగి పేగులోకే వెళ్లిపోతుంది. పనికిరాని రసాయనాలను వదిలించుకోవడానికి శరీరం రోజూ చేసే పనే ఇది. దీర్ఘాయువు అణువని ఎవరో చెప్పినంత మాత్రాన దానికి మినహాయింపు లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. 5 నానోగ్రాములంటే దాదాపు 0.02 మైక్రోమోలార్. పరీక్ష నాళికలో తక్కువలో తక్కువ 10 మైక్రోమోలార్ అనుకున్నా, రక్తంలో ఉన్నది అందులో ఐదువందలో వంతు. అది కూడా 25 మిల్లీగ్రాములు మింగితే. రెడ్ వైన్ లీటరుకి సగటున 2 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది, అంటే ఆ 25 కోసం ఒక్క రోజులో పన్నెండు లీటర్లు తాగాలి. తాగినవాడికి దీర్ఘాయువు గురించి ఆలోచించే స్థితి ఉండదనుకుంటా. ద్రాక్ష తొక్కల సంగతి ఇంక చెప్పను.

"అయితే ఎక్కువ తీసుకుంటే సరిపోయె కదా!" ఇదే నన్ను రాయించింది. మిగతావన్నీ అమాయకపు తప్పులు, ఇది ప్రమాదకరమైనది.

2007లో ఒక పరీక్షలో ఒకే విడతలో అర గ్రాము నుంచి 5 గ్రాముల దాకా ఇచ్చి చూశారు. 5 గ్రాములంటే పై 25 మిల్లీగ్రాములకి రెండువందల రెట్లు. అంత మింగితే రక్తంలో అసలు రెస్వెరాట్రాల్ గరిష్ఠంగా 2.4 మైక్రోమోలార్‌కి చేరింది, అదీ గంటన్నర దగ్గర, తర్వాత దిగిపోయింది. సల్ఫేట్, గ్లూకురోనైడ్ రూపాలు మొత్తం మీద దాని కన్నా ఇరవై రెట్లకు పైగా కూడా ఉన్నాయి. ఇంత చేసినా పరీక్ష నాళిక అంకెను అందుకోలేదు. మరో పరీక్షలో రోజూ 2.5 గ్రాములు, 5 గ్రాములు తీసుకున్న వాళ్లలో వికారం, కడుపు ఉబ్బరం, విరేచనాలు కనిపించాయి.

విరేచనాలే అయితే సర్దుకుపోవచ్చు. అసలు సమస్య ఇంకొకటి. రక్తంలోకి పలచగా చేరే ఈ అణువు, అంతకుముందు పేగు గోడలోనూ కాలేయంలోనూ చిక్కగా ఉంటుంది. మన మందులను విరిచే ఎంజైమ్‌లు ఉండేది కూడా అక్కడే. ఆరోగ్యవంతులకి రోజుకి 1 గ్రాము చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చేసిన పరీక్షలో సీవైపీ3ఏ4, సీవైపీ2డీ6, సీవైపీ2సీ9 అనే మూడు ఎంజైమ్‌ల పని తగ్గింది, సీవైపీ1ఏ2 పని పెరిగింది. ఇందులో సీవైపీ2సీ9ని కొలవడానికి వాడింది బీపీకి వేసుకునే లోసార్టాన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌లో ఎక్కువ ప్రభావం చూపే భాగాన్ని విరిచేదీ ఈ ఎంజైమే. అది మందగిస్తే మోతాదు మార్చకపోయినా వార్ఫరిన్ ఒంట్లో పేరుకోవచ్చు, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ అంకె పెరగొచ్చు, చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే పెద్ద కమిలిక, నల్లటి విరేచనం లాంటివి రావచ్చు. ఈ ఫార్వర్డ్ తిరుగుతున్న గ్రూపుల్లో వార్ఫరిన్ వేసుకునే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లకి "సహజం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని చెప్పేది ఎవరు, బాధ్యత ఎవరిది? ఇప్పటికే మొదలుపెట్టిన వాళ్లుంటే దయచేసి డాక్టరుకి చెప్పి ఐఎన్ఆర్ చూపించుకోండి. వార్ఫరిన్ మాత్రం సొంతంగా ఆపకండి, ఆపితే రక్తం గడ్డలు కట్టొచ్చు.

ఇంకా సందేహమా? మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న రోగులకి పొడిని మరింత మెత్తగా చేసిన రెస్వెరాట్రాల్ రోజుకి 5 గ్రాములిచ్చిన పరీక్షను కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడంతో ఆపేశారు. ఆ జబ్బే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, అందుకని నేరమంతా ఈ అణువు మీద వేయలేం. కానీ "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనేవాళ్లు ఈ పరీక్ష పేరు కూడా విని ఉండరు.

మిరియాలు: ఎలుకల్లో మిరియాల ఘాటుకి కారణమైన పైపెరిన్ రక్తంలో రెస్వెరాట్రాల్‌ను బాగా పెంచింది. మనుషుల్లో 250 మిల్లీగ్రాముల రెస్వెరాట్రాల్‌కి 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపితే రక్తంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయిపోయింది.

ఇక ఫార్వర్డ్ రాసినవాడికి తెలియకపోయినా వాడి పక్షాన చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. రక్తంలో లేదంటే ఎక్కడా లేదని కాదు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఆపరేషన్‌కి ముందు ఎనిమిది రోజులు రోజుకి అర గ్రాము లేదా 1 గ్రాము ఇచ్చి, కోసి తీసిన ముక్కలను పరీక్షించారు. కొన్ని ముక్కల్లో అసలు రెస్వెరాట్రాల్ వందల మైక్రోమోలార్‌లకి సమానంగా ఉంది, పరీక్ష నాళిక అంకె కన్నా ఎక్కువ. రక్తం ద్వారా వెళ్లాల్సిన పని లేని చోటు అది. సల్ఫేట్ తగిలిన రూపం కొన్ని కణాల్లోకి చేరి, అక్కడి సల్ఫేటేజ్ ఎంజైమ్‌ల వల్ల మళ్లీ అసలు రూపంలోకి మారుతుందని కూడా 2013లో ల్యాబ్‌లో చూపించారు. అంటే పేగు వరకైతే పరిశోధించదగ్గ ప్రశ్న బతికే ఉంది. మెదడుకో గుండెకో కండరానికో సరిపడా చేరుతుందని మాత్రం ఇవి చెప్పవు. ఇటలీలోని కియాంటీ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనించి, మూత్రంలో రెస్వెరాట్రాల్ అవశేషాలు ఎక్కువ ఉన్నవాళ్లు తక్కువ చనిపోయారా అని చూస్తే, తేడా ఏమీ కనపడలేదు.