ఎన్ని అడుగుల ఇష్టం?

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. లంక గ్రామాల వాళ్లు ఆ అంకెలను బట్టే గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కుతారు. ఇంత ముందుచూపు గల డెల్టాలో, భార్య "మీ ఇష్టం" అన్నప్పుడు అది ఎన్ని అడుగుల ఇష్టమో కొలిచే స్కేలు మాత్రం ఒక్క ఇంటి గుమ్మానికీ లేదు. ప్రభుత్వం వెంటనే దృష్టి సారించాలి.

మనవాళ్లకు ఎదుటివారిని కాదనడం చేతకాదు. చుట్టం అర్ధరాత్రి దిగినా "ఆయ్, రండి" అంటాం. కాదనే హక్కు వదులుకున్న మనిషి ఏం చేస్తాడు? అవునని చెప్పి, ఆ అవునులోనే కాదును కలిపేస్తాడు. వినేవాడు తనకు కావలసింది ఏరుకుని పోతాడు.

మా వీధిలో జరిగిన ఉదంతమే చూడండి. శ్రావణం. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం చేప గోదావరిలోకి ఎక్కే రోజులు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను వేదవాక్యంగా నమ్మే పెద్దమనిషి ఒకాయన గురువారం పొద్దున్నే ఇంట్లో అడిగాడు: "జన ఉన్న పులస వచ్చిందట. తెచ్చేదా?" ఆవిడ ఇత్తడి కుందులను చింతపండుతో తోముతోంది. రెండు కుందులు తోమడం పూర్తయ్యాక అంది: "మీ ఇష్టమండీ."

ఆయన సంచి పట్టుకుని బయల్దేరాడు.

ఆ కుందులు ఎందుకు మెరుస్తున్నాయో ఆయన ఆలోచించలేదు. పౌర్ణమి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పులస పులుసేమో వండిన పూట కంటే మర్నాటికి రుచి. అంటే గురువారం కట్టెల పొయ్యి మీద కుండ పెడితే, శుక్రవారం అమ్మవారి కలశం, పులస కుండ ఒకే కప్పు కింద ఉంటాయి. ఈ లెక్క ఆవిడకు క్షణంలో తేలింది. ఆయనకు వేలు పోసి చేప కొన్నాక కూడా తేలలేదు.

ఇక్కడ మొదటి హెచ్చరిక, జవాబు ఆలస్యంగా రావడమే. మనుషుల మాటలను రకరకాల భాషల్లో కొలిచిన పరిశోధకులు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య మామూలుగా సెకనులో ఐదో వంతు ఖాళీ ఉంటుందని తేల్చారు. ఒప్పుకోలు చప్పున వస్తుంది, ఇష్టం లేని జవాబు నసుగుతూ వస్తుంది. రెండు కుందుల ఆలస్యమంటే గేట్లన్నీ ఎత్తేశారని అర్థం.

రెండోది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. మనసులో ఒప్పుకున్న మనిషి తప్పకుండా పేచీ పెడుతుంది. "ఎంత చెబుతున్నాడు? నిన్నటిది అంటగడతాడేమో, మొప్పలు ఎత్తి చూడండి. వచ్చేటప్పుడు లేత బెండకాయలు తెండి." ఇలా సాధింపు మొదలైతే భర్త నిశ్చింతగా సంచి తీసుకోవచ్చు. షరతు ఒక్కటీ లేని అంగీకారం ఉంది చూశారూ, దాని దగ్గర ఆగాలి.

మూడో హెచ్చరికలో పురుషే మారిపోతుంది. సంచితో ఆయన గుమ్మం ఎక్కగానే ఆవిడ కూతురితో అంది: "మీ నాన్నగారి ఇష్టం, మనదేముంది?" ఇక పునరావాస కేంద్రాలు తెరవాల్సిందే. ఆ పులస చివరికి నాలుగిళ్ల అవతలున్న ఆయన చెల్లెలి పెరట్లో ఉడికింది. శనివారం గిన్నెడు తెచ్చి ఎలా ఉందని అడిగాడు. "మీ చెల్లెలి చేతి వంట, బాగుండకేం" అని జవాబు.

మగవాళ్లకూ ఈ విద్య బాగానే వచ్చు. చీరల కొట్టులో కుర్చీలో కూర్చుని "నీ ఇష్టం" అనేవాడికి కావలసింది ఇంటికి పోవడం, అంతే.

అయితే అడిగేవాడు మాత్రం తక్కువ తినలేదు. సంచి చేత్తో పట్టుకుని "తెచ్చేదా?" అనడంలో అడగడం ఎంతుంది? "ఈ గురువారమా, వ్రతం అయ్యాకా?" అని ఉంటే, చేపను కాదనకుండా రోజును కాదనే వీలు ఆవిడకు దొరికేది.

ఆ పెద్దమనిషికి ఇదంతా నేనే విడమరచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కార్తీకంలో పాపికొండలు వెళదామా అని ఇంట్లో అడిగాడట. "మీ ఇష్టం. లాంచీ ఎన్నింటికి? భోజనం వాళ్లే పెడతారా, పులిహోర కలిపి తేవాలా?" అంది ఆవిడ. "మీ ఇష్టం అంది కదండీ, నేను ఇట్టే పసిగట్టేశాను" అని ఆయన గర్వంగా చెప్పి, టిక్కెట్లు రద్దు చేసి వచ్చాడు.