ఏడు రోడ్లు, రెండు నిమిషాలు

నమస్కారం. శ్రీకాకుళంలో ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరి, ఏడు రోడ్ల జంక్షన్ వైపు కారులో నెమ్మదిగా కదులుతూ నా మాట వింటున్నారనుకుంటాను. ఫోన్ పక్కన పెట్టేయండి, చూడాల్సిందేమీ లేదు, వింటే చాలు.

ఆ పేరులోనే మన ఇబ్బంది సగం ఉంది. ట్రాఫిక్ లెక్కల్లో ఒక మోటు కొలత ఉంది: ఆగిన వరస కదిలాక, ఒక లేన్‌లో రెండు సెకన్లకు ఒక కారు చొప్పున గీత దాటుతుంది. అయితే ఒక రోడ్డును ఆపి ఇంకో రోడ్డును వదిలిన ప్రతిసారీ, మధ్యలో ఉన్న బండ్లు ఖాళీ కావడానికి, కొత్త వరస కదలడానికి సుమారు నాలుగు సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి.

ఏడు రోడ్లనూ విడివిడిగా వదులుతున్నారనుకుందాం, మొత్తం తిరిగి రావడానికి రెండు నిమిషాలు. అందులో 28 సెకన్లు మార్పులకే పోతాయి. మిగిలిన 92 సెకన్లను ఏడుగురికి పంచితే రోడ్డుకు 13, అంటే ఆరేడు కార్లు. మీది పదో కారయితే మళ్లీ రెండు నిమిషాలు ఆగాల్సిందే, హారన్ ఎంత కొట్టినా సరే.

మూడు రోడ్లను బయటికి వెళ్లడానికి మాత్రమే ఉంచి, లోపలికి నాలుగింటినే వదిలితే? పోయేది 16 సెకన్లే, రోడ్డుకు 26 వస్తాయి, పదో కారు మొదటి విడతలోనే దాటేస్తుంది. కానీ తొందరపడి సంబరపడొద్దు, మూసిన మూడు రోడ్ల బండ్లు చుట్టూ తిరిగి ఈ నాలుగింట్లోకే వస్తాయి కదా. మొత్తం మీద చూస్తే రెండు నిమిషాలకు 46 కార్లు దాటేచోట 52 దాటుతాయి, అంతే. మంచిదే, కాదనను, కానీ సమస్య తీరిపోదు.

నాకు అంతకంటే పెద్దదిగా కనిపిస్తున్నది జంక్షన్ దాటాక మొదటి ముప్పై మీటర్లు. నిన్న సాయంత్రం నా ముందు ఒక ఆటో సరిగ్గా అక్కడే ఆగింది. వెనక సీటులో పెద్దావిడ, ఒళ్లో కూరగాయల సంచి, చిల్లర కోసం కొంగు ముడి విప్పుతోంది. "ఉండండి బాబూ, మామ్మ దిగుతున్నాది" అన్నాడు డ్రైవర్. ఆయన్ని ఏమనగలం? ఆమె దిగడానికి వేరే చోటేదీ? కానీ రెండు లేన్లు ఒకటయ్యాయి, అంటే దాటే బండ్లు సగానికి పడిపోయాయి, వెనకున్నవి జంక్షన్ మధ్యలోనే నిలబడి పక్క రోడ్డునూ కట్టేశాయి. సిగ్నల్‌ను ఎంత బాగా సరిచేసినా, ఆరు కార్ల లాభం ఆ ఒక్క ఆటో దగ్గరే పోతుంది.

అందుకే పచ్చలైటు సమయం పెంచమని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. ముందు ఆటో ఆగే చోటును జంక్షన్ నుంచి యాభై మీటర్లు అవతలికి జరిపి, అక్కడ రోడ్డు పక్కన లోపలికి ఒక జాగా కట్టాలి. ఆ జాగా ఎక్కడ దొరుకుతుంది, అంత దూరం మామ్మ నడవగలదా, ఈ రోజు మాట్లాడుకునేది ఆ సంగతే.