రాజాం అమ్మాయికి రావాల్సిన ఆరు గంటలు

సిరిమానోత్సవానికి వచ్చిన మన సంఘం వాళ్లందరం తొలేళ్ల రోజు సాయంత్రం విజయనగరంలో కలిశాం కదా. ఆ రోజు భోజనాల దగ్గర పడిన ఒక మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది. మా చెల్లెలి కూతురు, దాని రూమ్మేట్లు వడ్డనకు సాయం వచ్చారు. వాళ్లలో రాజాం అమ్మాయి ముభావంగా ఉంటే మన పెద్దాయన ఒకరు కారణం అడిగారు. ఇంట్లో పని వంతుల గొడవని తెలిసి, అందరి ముందూ, "ఏటమ్మా, నలుగురాడపిల్లలు గిన్నెలు తోముకోడానికి కూడా లెక్కలేటి? సర్దుకుపోవాలి గానీ" అనేశారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే సాంబారు బకెట్ పట్టుకుని పక్క వరసకి వెళ్లిపోయింది.

మర్నాడు కంటోన్మెంట్‌లో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. ఫ్రిజ్ మీద వంతుల కాగితం చక్కగా అంటించి ఉంది. వారానికి ఒకరిది వంట, ఒకరిది గిన్నెలు, ఒకరిది ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, బాత్‌రూమ్ కడగడం, ఇంకొకరిది వాటర్ టిన్లు, చెత్త, కూరగాయలు. వారం మారగానే పనులు మారతాయి. షిఫ్టుల రోస్టర్లు వేయడమే నా ఉద్యోగం కాబట్టి, ఏ పనికి ఎంతసేపు పడుతుందో నలుగురినీ కూర్చోబెట్టి రాయించాను. వారానికి వంట 420 నిమిషాలు, గిన్నెలు 210, శుభ్రం 180, బయటి పనులు 90. మొత్తం 900. బాత్‌రూమ్‌కి నిజానికి 40 నిమిషాలే పడుతుంది. ఆ లెక్కకి ఎవరూ ముందుకు రాకపోతే పెంచుకుంటూ పోయాం. గంటగా కడితే టెక్కలి అమ్మాయి "అయితే నేను చేస్తా" అంది. అక్కడే ఆపాం. ఇష్టం లేని పనికి విలువ కట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

నాలుగు వారాలూ అందరూ ఉంటే ఒక్కొక్కరికీ 900 నిమిషాలే పడతాయి, తేడా రాదు. మరి గొడవెక్కడ? శ్రావణంలో బొబ్బిలి అమ్మాయి అన్నయ్య పెళ్లికి వారం రోజులు ఊరెళ్లింది. సరిగ్గా అది తన వంట వారం. రాజాం అమ్మాయి తన పని చేసుకుంటూనే ఆ వంటా చేసింది. తిరిగొచ్చాక బొబ్బిలి అమ్మాయి "నీ టిన్ల వారం నేను చేస్తాలే, వంతుకి వంతు" అంది. 420 నిమిషాలకి 90! రాజాం అమ్మాయి ఒప్పుకోలేదు. అంతే, పిసినారి అన్న పేరొచ్చింది.

అలాగని 420 నిమిషాలూ బొబ్బిలి అమ్మాయే తీర్చాలనడమూ న్యాయం కాదు. ఆ వారం ఆమె అక్కడ తినలేదు, ఉండలేదు. ఉన్న వారాలను బట్టి పంచాలి. ముగ్గురు నాలుగేసి వారాలు, ఆమె మూడు వారాలు ఉన్నారు, కలిపితే 15. నాలుగు వారాల పని 3,600 నిమిషాలు, 15తో భాగిస్తే 240. అంటే బొబ్బిలి అమ్మాయి చేయాల్సింది 720, చేసింది 480. బాకీ నాలుగు గంటలు. మిగతా ముగ్గురూ తలా 960 చేయాలి. రాజాం అమ్మాయి 1,320 చేసింది, ఆరు గంటలు ఎక్కువ. టెక్కలి అమ్మాయి, మా చెల్లెలి కూతురు 900 చేశారు కాబట్టి వాళ్లూ చెరో గంట బాకీ. ఇది చూసి మా అమ్మాయి ఉలిక్కిపడింది. తగువు ఆ ఇద్దరిదే అనుకుంది మరి.

బాకీ ఒక్కసారిగా తీర్చమంటే పరీక్షల వారంలో పడి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తర్వాతి నాలుగు వారాలకి పరిచాం. బొబ్బిలి అమ్మాయి వారానికి గంట, మిగతా ఇద్దరూ వారానికి పావుగంట, రాజాం అమ్మాయి ఆ వారం ఏ పనిలో ఉంటే అందులో చేయి వేస్తారు. ఎవరు తమ వాటా కన్నా ఎంత ఎక్కువ చేశారో, ఆ మిగులు కాగితం మీద ప్రతి ఆదివారం రాస్తారు. మిగులు కొత్త నెలకీ వెళ్తుంది, సున్నా చేయకూడదు. ఎవరి మిగులైనా ఒక మనిషి వారం పని సగటు, అంటే 225 నిమిషాలు, దాటిందంటే వంతుల వరస మార్చాలి.

మన ఉమ్మడి ఇళ్లంటే నాకు ప్రాణం. మా పెద్దమ్మ చేతి ముద్ద తిని పెరిగినదాన్ని. కానీ ఆ ఇళ్లలో సర్దుకుపోయింది ఎప్పుడూ చిన్నకోడలే. పొయ్యి దగ్గర ఆవిడ గడిపిన గంటలు ఎవరూ రాయలేదు, అడగలేదు. అదే పద్ధతిని చదువుకోడానికి ఊరు దాటిన పిల్లలకి మంచితనంగా నేర్పొద్దని పెద్దలను వేడుకుంటున్నాను. కొత్తగా వచ్చే విద్యార్థులకి మన సంఘం ఇచ్చే కరదీపికలో అద్దె, కరెంటు పంచుకోవడం గురించి రాస్తున్నాం. అందులో ఈ నిమిషాల పట్టికకి ఒక పేజీ ఇవ్వండి. ఆ మాటన్న పెద్దాయన ఈ సంచిక చదువుతారని తెలుసు. రాజాం అమ్మాయికి ఒక్క ఫోన్ చేయండి బాబాయ్.